సిద్దయ్య వేలు ఆగిన చోట

బీదర్‌లోని ఒక వార్తల వెబ్‌సైటులో విజయేందర్ సీనియర్ విలేకరి. కొత్తగా చేరిన భాగ్యజ్యోతి వ్యాసాలనే రైతులు ఎక్కువగా చదువుతున్నారని అతనికి కడుపుమంట. చిన్న పేరాలు, బుల్లెట్ పాయింట్లు ఎవరికి రావు అనుకుని, కంది పురుగు మీద తానూ అలాగే రాశాడు. ఉపశీర్షికలు మాత్రం తన దర్జాకు తగ్గట్టు పెట్టాడు: ‘పచ్చని కల’, ‘చేదు నిజం’.

హుల్సూర్ బస్టాండులో సిద్దయ్య అనే రైతుకు ఫోన్‌లో చూపించాడు. సిద్దయ్య వేలు ఎక్కడా ఆగకుండా కిందికి జారింది.

“మందు పేరు ఏడుంది సారూ?”

“చేదు నిజం కింద ఉంది సిద్దయ్యా.”

“గట్ల రాస్తే ఎట్ల దొరుకుతది? జ్యోతమ్మయితే ‘కాయకు పురుగు పడితే ఏం కొట్టాలె’ అని సాఫ్‌గ రాస్తది.”

విజయేందర్ పళ్లు కొరుక్కుంటూ బస్సులోనే ఆ మాటలను ఉపశీర్షికగా పెట్టాడు. సాయంత్రం సిద్దయ్య వేలు ఆ ఉపశీర్షిక దగ్గర ఆగింది. రాసినవారి పేరు చూడకుండానే ఆ వ్యాసాన్ని రైతుల గ్రూపులో పంచాడు. పైన ఒక మాట రాశాడు: “జ్యోతమ్మ మస్తు రాసింది, చూడుండ్రి.”