అందుకే అన్న వాక్యం

ఆగస్టు నెల రెండో బుధవారం, ఉదయం పదకొండుంబావుకు ఫోను మోగింది. నాకు కంటి ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజు అది. నల్లద్దాలు పెట్టుకుని యలహంకలో మా ఇంటి వరండాలో కూర్చుని ఉన్నాను.

ఫోను కుందలహళ్ళి కోచింగ్ సెంటర్ నుంచి. టిఫిన్ హోటల్ పైన రెండు గదులు. ఎదుటి టెక్ పార్కులో ఉద్యోగాలు చేసే పిల్లలు ఎంబీఏ ప్రవేశ పరీక్షకు శని, ఆదివారాల్లో అక్కడ చదువుతారు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక, నేను అక్కడ ప్రశ్నలు సరిచూసే పనిలో చేరాను. నడిపేవాడు గుంటూరు వైపు కుర్రాడు.

"మేడమ్, మాక్ టెస్టులో చెరువుల పేరా జంబుల్ మీద చాలా ఆబ్జెక్షన్స్ వచ్చాయండీ. ఆన్సర్ కీ కరెక్టో కాదో మీరు చూసి మెయిల్ పెట్టండి."

"ప్రశ్న ఎవరిది?"

"ఆవిడదే. జూన్‌లో కూడా ఆవిడది ఒకటి తీసేశాం కదా. ఇదీ పోతే ఇంక ఆవిడని ఉంచడం నా వల్ల కాదండీ. రెండు ఆర్డర్లూ ఓకే అని మీరు రాసేస్తే, రెండింటికీ మార్కులిచ్చి క్లోజ్ చేసేస్తా."

ఆవిడంటే నా జోడు. చింతామణి వైపు మనిషి, బెంగళూరులోనే ముసలిదైంది. మా వెనక వీధిలో ఒంటిగా ఉండేది. నాకంటే నాలుగేళ్ళు చిన్న. ప్రతి శుక్రవారం ఇద్దరం కలిసి బస్సెక్కేవాళ్ళం. కిటికీ పక్క సీటు కోసం ప్రతిసారీ తగవే.

మా పని పద్ధతి ఇది. ఒకరు పేరా రాసి, వాక్యాలను విడివిడి చీటీలుగా కత్తిరించి, కలిపేసి బల్ల మీద తోస్తారు. రెండోవాళ్ళు కీ చూడకుండా వాటిని వరసలో పెట్టాలి. ఏ వాక్యం తనంతట తాను నిలబడి మొదలుపెట్టగలదు? 'ఆమె' అన్న వాక్యానికి ముందు ఆమె ఎవరో చెప్పిన వాక్యం ఉందా? 'అయినా' దేనికి ఎదురు తిరుగుతోంది? ఇవి చూసుకుంటూ పేర్చాలి. ఇద్దరి వరసా ఒకటైతేనే ప్రశ్న నిలుస్తుంది. వేరే వరస కూడా సరిగ్గా చదవగలిగితే చీటీలు చెత్తబుట్టకే. చీటీలు తోశాక రాసినావిడ నోరు విప్పకూడదు. ఆ అరగంట నా జోడు పెదాలు బిగబట్టి గోడ గడియారం కేసి చూస్తూ ఉండేది.

నేను ఆపరేషన్‌కు వెళ్ళిన వారం, ఎదుట పేర్చేవాళ్ళు లేకుండానే చెరువుల ప్రశ్న పరీక్షలోకి వెళ్ళింది.

పరీక్ష ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. నాలుగు వాక్యాలు. ఊరి పాత చెరువులను ఎగువ నుంచి దిగువకు కాలువలతో కలిపి తవ్వారు. పై చెరువు నిండితే మిగులు నీరు వాటి గుండా కింది చెరువుకు దిగేది. ఇళ్ళు లేచినప్పుడు మొదట పూడిపోయినవి ఈ కాలువలే. అందుకే ఇప్పుడు పెద్ద వాన కురిస్తే నీరు వీధుల్లోకి వస్తోంది.

నేను రాసిన ఈ వరసే పిల్లల్లో చాలామంది పెట్టారు. కీలో మాత్రం మధ్య రెండు వాక్యాలూ తారుమారు. చెరువులు తవ్వారు, కాలువలు పూడిపోయాయి, మిగులు నీరు వాటి గుండా దిగేది, అందుకే వీధుల్లోకి వస్తోంది.

సాయంత్రం ఆవిడ వచ్చింది. నా కంట్లో చుక్కల మందు వేయడానికి రోజుకు మూడుసార్లు వచ్చేది. చేతులు కడుక్కుని, నా తల వెనక్కి వంచి పట్టుకుంది.

"ఏమక్కా, ఆయప్ప నీకూ ఫోన్ చేసినాడా?"

"చేసినాడు."

"కీ సరిగ్గానే ఉండాదని చెప్పు. నీరు 'దిగేది' అనే కదా ఉండాది. ఇప్పుడు దిగడంల్యా అని దాంట్లోనే తెలిసిపోతాది."

"తెలుస్తాది. 'అందుకే' దేన్ని పట్టుకోవల్ల? దాని ముందరి వాక్యాన్నే కదా. నీళ్ళు చక్కగా కింది చెరువుకు దిగేవంట, అందుకే వీధిలోకి వచ్చినాయంట. ఇదేం న్యాయమే?"

"కండ్లు మూసుకోనుండి ఇంత పట్టినావు. తెరిచింటే నన్ను బతకనిచ్చేదానివా? కదలాకు, మందు చెంపమీద పడతాది."

రెండో కంటికి మందు లేదు. అయినా ఆవిడ నా తల వదలలేదు. అలాగే పట్టుకుని మెల్లగా చెప్పింది.

"మొదట్లో కడపటి వాక్యం అట్ల రాయలేదక్కా. 'ఆ దారి మూసుకుపోయినాక నీరు వీధుల్లోకి వస్తోంది' అని రాసింటి. ఆ దారి అంటే నీరు దిగే దారి. అప్పుడు నా వరస సరిగ్గా కూచుంటాది. పిల్లలకు సులువుగా ఉండనీ అని తర్వాత 'అందుకే' పెట్టినా. ఎన్నిసార్లు చదివినా నాకు అతుక్కునే ఉండాది."

అతుక్కునే ఉంటుంది. రాసినవాళ్ళ కంటికి కాగితం మీద లేని లంకె కూడా కనిపిస్తుంది. ఎదుట ఇంకొకరు కూర్చునేది అందుకే. నేను కూర్చునే చోట నేను లేను, అంతే జరిగింది.

ఆవిడ వెళ్ళాక చీటీలు కత్తిరించాను. మసక కంటితో పెద్ద అక్షరాలు రాసి, భోజనాల బల్ల మీద ఆవిడ వరసలోనే పరిచాను. ఆవిడ ఉద్యోగం నిలిపే అర్థం ఏదైనా దొరుకుతుందేమోనని పైకి చదివాను. 'అందుకే'ను ఒక వాక్యం దాటించి కాలువలు పూడిన వాక్యానికి తగిలించి చూశాను. మధ్యలో దిగే నీరు అడ్డం వచ్చింది. మళ్ళీ చదివాను. రెండు వరసలూ సరే అని రాయడం ఒక్క వేలి పని. రాస్తే, సరిగ్గా ఆలోచించిన పిల్లలకు వాళ్ళ ఆలోచనకు విలువ లేదని చెప్పినట్టు.

'కీ తప్పు. చివరి వాక్యానికి కారణం కాలువలు పూడిపోయాయన్న వాక్యం. అది దాని ముందే ఉండాలి. నేను లేకపోవడం వల్ల ప్రశ్న సరిచూడకుండా వెళ్ళింది. ఆవిడను తీసేయవద్దు' అని పంపాను. మొదటి సగాన్ని మాత్రమే ఆ కుర్రాడు అమలు చేశాడు.

శుక్రవారం ఆవిడ మందు వేయడానికి మామూలుగానే వచ్చింది.

"బొమ్మసంద్రలో మా తమ్మునింటికి పోతాండా అక్కా. మేడమీద రూము ఖాళీగా ఉండాదంట."

"కోపమా?"

"నువ్వు రాసింది నిజమే గదా, కోపమెందుకు? బల్లకాడ నీ ఎదురుగా కూచునే పనే లేనప్పుడు, ఈడ ఉండి ఏం చేసేది? మందు ఇంక ఐదు దినాలు. పక్కింటి పాపకు చూపించినా. దాని చేతిపట్టు వదులు, నువ్వు కదలకుండా కూచో."

ఊరికి ఆ చివర బొమ్మసంద్ర, ఈ చివర యలహంక. ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ కన్ను ఎలా ఉందని అడిగింది, బాగుందన్నాను. అంతటితో ఫోను పెట్టేశాం. మేము మాట్లాడుకున్నదంతా చీటీల మీదే అని అప్పుడు తెలిసింది.

నేను కొన్నాళ్ళు ఒక్కదాన్నే పని చేశాను. పేరా రాసి, కత్తిరించి, చీటీలను బిస్కెట్ డబ్బాలో వేసి మూతపెట్టి, వరస మరిచిపోవాలని ఎదురుచూసేదాన్ని. తీసేసరికి మొదటి చీటీతోనే మిగతా మూడూ గుర్తొచ్చేవి. ఎదుటి కుర్చీలో కూర్చుని కూడా చూశాను. అక్కడి నుంచీ అదే వరస. ఇలా సరిచూస్తే సరిచూసినట్టు కాదని సెంటర్‌కు రాసి మానేశాను. ఇప్పుడు అక్కడ ప్రశ్నలు కంప్యూటర్ రాస్తుందట. ఎదుట ఎవరు కూర్చుంటున్నారో నేను అడగలేదు.

పోయినవి: ఒక కీ, ఆ వరస పెట్టిన పిల్లలకు మూడు మార్కులు. రెండు ఉద్యోగాలు. శుక్రవారాలు. కిటికీ పక్క సీటు ఇప్పుడు ఎప్పుడు బస్సెక్కినా నాదే కనుక, దాని మీద తగవు. కన్ను పోలేదు.