వాయిదా తగ్గించమని ఎవరడిగారు?

ఎనభైల చివర్లో మా ఆయన కోరాపుట్ కొండల మీది ఫ్యాక్టరీలో ఫిట్టరు. కాపురం క్వార్టర్లో. రాయగడలో బ్యాంకు లోనుతో రెండు గదుల ఇల్లు కట్టుకుని అద్దెకిచ్చేం. నెలకి ఆరువందల ముప్ఫై రూపాయల వాయిదా జీతంలోంచి కోసి ఫ్యాక్టరీవాళ్లే బ్యాంకుకి పంపేవారు.

జీతాలు పెంచినప్పుడు పాత బకాయి ఒక్కసారే చేతికొచ్చింది. నేను జాకెట్లు కుట్టి దాచిన డబ్బు కూడా కలిపితే పన్నెండు వేలైంది. అప్పటికి లోనులో తీరాల్సిన అసలు నలభై ఎనిమిది వేలుంది, ఇంకా నూట నలభై నాలుగు వాయిదాలు కట్టాలి. ఆయన ఉద్యోగమేమో ఇంకా ఎనిమిదేళ్లే ఉంది. ఆ తర్వాత మిగిలిన అప్పు గ్రాట్యుటీలోంచి తీర్చాలని ఒప్పందం. ఆ గ్రాట్యుటీ ముట్టుకోకూడదని నా పట్టుదల.

అందుకే డబ్బు కట్టిన రోజు ఉత్తరం నేనే రాసేను. 'నెల వాయిదా మార్చవద్దు. గడువు తగ్గించండి' అని. కార్బన్ పెట్టి రాసి, నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకున్నాను.

నెల తిరిగేసరికి ఆయన జీతం కవరు నాకిచ్చి నవ్వేరు. "నూటేభై ఏడు ఎక్కువొచ్చిందే. వాయిదా తగ్గించేరు."

"తగ్గించమని మనం సెప్పలేదు కదా?"

"తగ్గితే మంచిదే కదే. ఏటి నష్టం?"

ఆ వారంలోనే బ్యాంకు స్టేట్‌మెంటు పోస్టులో వచ్చింది. కట్టిన పన్నెండు వేలు జమ చేసేరు, అసలు ముప్ఫై ఆరు వేలు చూపించేరు. అంతవరకూ బాగానే ఉంది. కిందికొస్తే, వాయిదా నాలుగువందల డెబ్బై మూడు, మిగిలిన వాయిదాలు నూట నలభై నాలుగు. గడువు ఒక్క నెల కూడా కదల్లేదు.

గుణించి చూసేను. వాళ్ల లెక్కన మొత్తం అరవై ఎనిమిది వేలు పైచిలుకు కట్టాలి. పాత వాయిదానే కడితే ఎనభై ఐదు నెలల్లో, యాభై మూడున్నర వేలకి కాస్త పైన తీరిపోతుంది. తేడా పద్నాలుగు వేలు దాటింది. కాగితం ఆయన ముందు పెట్టేను. తనూ ఓసారి గుణించి చూసి, "రేపు సెలవెడతాను" అన్నారు.

తెల్లారి రాయగడకి మొదటి బస్సెక్కేం. బ్యాంకులో గుమాస్తా మన విజయనగరం వైపు మనిషే. నేను అడుగుతుంటే మా ఆయన మొహం చూసి జవాబు చెప్పేడు.

"అందరికీ ఇలాగే చేస్తామండి. వాయిదా తగ్గితే ఎవరికి చేదు?"

"అడిగింది నేను. ఇటు చూసి చెప్పండి. గడువు తగ్గించమని రాసిచ్చేం కదా?"

"ఫైల్లో అలాంటి ఉత్తరం లేదమ్మా."

నకలు బల్ల మీద పెట్టేను. ముద్ర చూసి ఫైలు మూసేసేడు. "ఈ ముద్ర మీది కాదా?" అని గట్టిగా అడిగేను. మా ఆయన "నెమ్మది" అన్నారు గాని, నాకు నెమ్మదించాలని లేదు. గొంతు విని మేనేజరు బయటికొచ్చేడు. ఉత్తరం చదివి, ఫైలు తిరగేయించేడు. మా ఉత్తరం వేరేవాళ్ల ఫైల్లో దొరికింది.

"సరే, మారుస్తాం. కానీ ఈ నెల తక్కువ పడిన నూట యాభై ఏడూ కట్టాలి, దానిమీద ఆలస్య రుసుము కూడా" అన్నాడు ఒడియాలో.

"నూట యాభై ఏడూ ఇప్పుడే కడతాం. రుసుమెందుకు? తక్కువ కోయమని ఫ్యాక్టరీకి రాసింది మీరు" అన్నాను నాకొచ్చిన ఒడియాలో.

మేనేజరు రుసుము లేకుండా నూట యాభై ఏడుకే రసీదు రాయమన్నాడు.

కొత్త కాగితం టైపు చేయించేవరకూ బెంచీ మీద కూర్చున్నాం. పక్కన ఒక పెద్దాయన, రైల్వేలో నీళ్ల పంపు నడిపే డ్రైవరు, అంతా విని జేబులోంచి మడతలు పడిన స్టేట్‌మెంటు తీసేడు.

"అమ్మా, నాదీ సూడు. రెండేళ్ల కింద ఎనిమిది వేలు కట్టేను. లోను తొందరగా తీరిపోద్దనుకున్నాను."

చూసేను. ఆయనకీ వాయిదానే తగ్గించేరు. "ఏం రాసిచ్చేరు?" అంటే, "ఏటీ రాయలేదు. నోటితో సెప్పేను. ఫారం మీద సంతకం పెట్టమన్నారు, పెట్టేను" అన్నాడు.

గుమాస్తాని అడిగేను. "ఇవాళ రాసిస్తే వచ్చే నెలనుంచి వాయిదా పెంచుతాం. గడిచిన రెండేళ్లూ మావల్ల కాదు" అన్నాడు. పెద్దాయన ఫైలు తీసి చూడనైనా లేదు.

అర్జీ నేనే రాసేను, కార్బన్ పెట్టి. పెద్దాయన సంతకం పెట్టి, కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, "ముందే తెలిస్తే బాగున్ను" అన్నాడు. ఆ రెండేళ్ల వడ్డీ ఆయనకి ఎవరూ తిరిగివ్వలేదు.

మా కాగితంలో వాయిదా ఆరువందల ముప్ఫై, ఎనభై ఐదు వాయిదాలు, ఆఖర్న వందలోపు ఒక చిన్న వాయిదా. మూడుసార్లు చదివేకనే లేచేను. మా ఆయన రిటైరయ్యేలోపే లోను తీరింది.

పెద్దాయనకి జరిగింది తప్పేనని గుమాస్తాకీ మేనేజరుకీ తెలుసు. ఆ మాట ఒక్కరూ పెద్దాయనతో అనలేదు. నాకు కోపం ఇప్పటికీ అక్కడే ఉంది.