తాత పొద్దు, అమ్మమ్మ పొద్దు

"...నీ పొద్దు గుంకితే నాదీ గుంకినట్టేనా?" పై గది కిటికీలోంచి అమ్మమ్మ గొంతు.

"అందరికీ ఒకటే సూర్యుడు. నీ పుట్టింటివాళ్ళు ఇంకొకణ్ణి కట్నంగా పంపారేమో, నాకు కనపళ్ళేదు." కింద కొట్లోంచి తాత.

"తూర్పున ఇంకా ఎరుపుంది. అది పోనీ."

"పోనిస్తున్నాగా. కొలిమి దగ్గర కూచున్న వాడికి ఎరుపంటే భయమేముంది?"

ఉపవాసాల నెలలో ప్రతి సాయంత్రం ఇదే తంతు. తాత సున్నీ. సూర్యబింబం కిందికి దిగగానే ఆయన ఉపవాసం ముగిసేది. అమ్మమ్మ షియా. పొద్దు గుంకాక తూర్పు దిక్కున మిగిలే ఎరుపు పూర్తిగా పోయేదాకా ఆమె పచ్చి మంచినీళ్ళు ముట్టదు. ఆ రెంటికీ మధ్య ఉన్న కాసేపటి కోసమే వాళ్ళిద్దరూ పోట్లాడుకునేవాళ్ళు. తాత తను కళాయి వేసుకున్న ఇత్తడి గ్లాసులో రెండు గుక్కలు తాగి గ్లాసు బోర్లించేవాడు. కంచం మాత్రం ముట్టుకునేవాడు కాదు. ఖర్జూరం పళ్ళెం ముందు పెట్టుకుని, మెట్లవైపు చూస్తూ కూచునేవాడు. అమ్మమ్మ దిగొచ్చి, "తినకుండా ఉన్నావెందుకు, నీది ఎప్పుడో గుంకిందిగా" అనేది. "ఒక్కణ్ణీ తింటే అరగదు" అనేవాడు తాత.

మనవరాలికి ఇవన్నీ మెట్ల మీద కూచుని చూసిన గుర్తు. వాళ్ళమ్మ, ఆ ఇంటి ఒక్కగానొక్క కూతురు, పోయేనాటికి పిల్లకు జడ వేసుకోవడం కూడా రాదు. తాతే నేర్చుకుని వేసేవాడు. పాత్రలు పట్టుకునే చేతులు కనక జడ బిగుసుకుపోయి కళ్ళు పైకి లాగేసేవి. "ఇది జడా, పట్టకారా?" అని అమ్మమ్మ విప్పేసి మళ్ళీ వేసేది.

తాత పని కళాయి. పాత్రను ఇసుకతో తోమి, కొలిమి మీద కాల్చి, నవాసాగరం పొడి చల్లగానే కొట్టంతా తెల్లటి పొగ నిండేది. అప్పుడు తగరం ముక్క రాసి, దూది ఉండతో ఒక్క తిప్పు తిప్పితే నల్లటి పాత్ర లోపల వెన్నెల పరుచుకునేది. మనవరాలు మొదట తిత్తి ఊదింది, తరవాత దూది పట్టింది. తాతకు మోకాళ్ళు పట్టేసినప్పట్నించీ కొలిమి ముందు పీట ఆమెదే. "నాకన్నా నీ చెయ్యి తేలిక" అనేవాడాయన. అక్కడితో ఆగకుండా, "నోరు మాత్రం మీ అమ్మమ్మదే" అని కూడా అనేవాడు.

పై గది అమ్మమ్మది, ఆమె తండ్రి ఇచ్చింది. కింది కొట్టు తాత కష్టార్జితం. అమ్మమ్మ పోయినప్పుడు ఆమె అన్న వచ్చాడు, గది పంపకం చెప్పడానికి షియాల పెద్ద ఒకాయన కూడా వచ్చాడు. షియా పద్ధతిలో చనిపోయిన కూతురి చోట ఆమె బిడ్డ నిలబడుతుందనీ, ఆ బిడ్డ ఉండగా అన్నకు ఏమీ రాదనీ ఆయన చెప్పాడు. గదిలో నాలుగో వంతు భర్తకు, మిగతా మూడు వంతులు మనవరాలికి. అన్న టీ తాగి, మనవరాలి తల నిమిరి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం తాత ఎన్నడూ లేనంత నిశ్చింతగా కనిపించాడు. "చూశావా, లెక్క ఎంత చక్కగా ఉందో. మనవరాలంటే కూతురే." ఆ తరవాత ఎవరైనా కొట్టు సంగతి ఏదైనా రాయించమని అంటే నవ్వేవాడు. "రాయడమెందుకు? మొన్న చూశాంగా."

ఇంట్లో రెండు పొద్దులున్నాయని ఇన్నేళ్ళు పోట్లాడిన మనిషి, పంపకం మాత్రం ఒకటే అనుకున్నాడు.

తాత పోయిన నెలకు కొట్లో చాప పరిచారు. పంపకం చెప్పడానికి వచ్చిన ముఫ్తీగారు కొలిమికి దూరంగా, గోడకు ఆనుకుని కూచున్నారు. తాత తమ్ముడు, అంటే చిన్నతాత, గుమ్మం పక్కన కూచున్నాడు. కుర్రతనంలో ఆయన కూడా ఈ కొట్లోనే తిత్తి ఊదాడు. ఇప్పటికీ లోపలికి వస్తే ముందు బొగ్గుల వైపే చూస్తాడు. పక్క కొట్టు తాళాల మేస్త్రి పిలవకపోయినా వచ్చాడు.

"నాది అమ్మమ్మ దారేనండీ" అంది మనవరాలు. "అప్పుడు పై గది ఎలా వచ్చిందో, కొట్టు కూడా అలాగే వస్తుందిగా?"

"నీ దారి కాదమ్మా, పోయినవాళ్ళ దారి చూడాలి" అన్నారు ముఫ్తీగారు. "మీ అమ్మమ్మ షియా, కాబట్టి అప్పుడు ఆ లెక్క. మీ తాత సున్నీ. ఈ లెక్కలో కూతురి బిడ్డలు దూరపు బంధువుల వరసలో ఉంటారు. మీ తాత తమ్ముడు ఉన్నాడు కనక ఆ వరస దాకా రాదు. కొట్టూ, పై గదిలో ఆయన నాలుగో వంతూ తమ్ముడివే."

"నాకేమీ రాదా?"

"బతికుండగా నీకిచ్చేసి, నీ స్వాధీనం చేసి ఉండొచ్చు. లేదా మూడో వంతు దాకా వీలునామా చేసి ఉండొచ్చు. రెండూ చెయ్యలేదు."

తాళాల మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, ఆయన సున్నీగా పోయాడని ఎవరన్నారు? ఆవిడ పోయాక మారిపోయాడు. నా కళ్ళారా చూశాను. ఉపవాసాల నెలంతా చీకటి పడేదాకా పళ్ళెం ముందు పెట్టుకుని కూచునేవాడు, మెతుకు ముట్టేవాడు కాదు. అది షియాల పొద్దు కాదూ?"

"మారాడంటే సంగతి వేరు" అన్నారు ముఫ్తీగారు. "అప్పుడు మనవరాలే కూతురి చోట నిలబడుతుంది, తమ్ముడికి రాదు. కానీ రుజువు కావాలి. మీకేమైనా తెలుసా?" అని చిన్నతాతను అడిగారు.

"నాకు రావలసింది వద్దననండి. పిల్లలు గలవాణ్ణి" అన్నాడు చిన్నతాత. "అన్నయ్య మారితే నాకు చెప్పేవాడనే అనుకుంటాను. కానీ ఆఖర్న ఆయనతో ఉన్నది నేను కాదు, ఈ పిల్ల. ఇది మారాడంటే నేనింక మాట్లాడను. చెప్పులేసుకుని పోతాను."

అందరూ ఆమె వైపు తిరిగారు. తాళాల మేస్త్రి కొంచెం వంగి, "నువ్వు అబద్ధమేం చెప్పక్కర్లేదమ్మా. చీకటి పడేదాకా తినేవాడు కాదు. అంతే కదా? అంతే చెప్పు" అన్నాడు.

అది నిజమే. అమ్మమ్మ పోయాక కూడా తాత అలాగే కూచునేవాడు. పళ్ళెం ఇటు, ఖాళీ పీట అటు. "ఇంకెవరి కోసం తాతా, తినెయ్" అంటే, "తూర్పున ఇంకా ఎరుపుంది, మీ అమ్మమ్మ తిడుతుంది" అనేవాడు. పైనుంచి ఎవరూ తిట్టేవారు కాదు. ఆయన మాత్రం మెట్లవైపు చూసి, "పోనిస్తున్నాగా" అని గొణుక్కునేవాడు.

కొలిమి గూట్లో ఇత్తడి గ్లాసు బోర్లించి ఉంది. దాని అంచున కళాయి అరిగి పసుపు రంగు తేలింది. రంజానుకు ముందు మళ్ళీ వేద్దామని ఆమె అనుకుంటూనే ఉండిపోయింది.

"ఎంతసేపమ్మా" అన్నారు ముఫ్తీగారు మెల్లగా.

ఆమె లేచి వెళ్ళి గ్లాసు తీసుకొచ్చి చాప మీద పెట్టింది.

"తినేవాడు కాదండీ, అది అమ్మమ్మ కోసం" అంది. "ఉపవాసం మాత్రం తన పొద్దుకే విడిచేవాడు. బింబం దిగగానే ఇందులో రెండు గుక్కలు తాగేవాడు. పోయిన ఏడు కూడా తాగాడు. నీళ్ళు నేనే పోశాను. మా తాత మారలేదు. చిన్నతాతా, కొట్టు తాళంచెవి గూట్లో ఉంది, తీసుకో."