సిలిండరుతో కొలిచిన రోజు

మా నీటి పరీక్షల ల్యాబులో ఆవిడని అందరూ చుక్కక్క అంటారు. ఆ పేరు పెట్టిన పాపం నాదే. గాజుసామాను కడిగే పనికి చేరి, చూసి చూసి పని నేర్చుకుని, ఇరవై రెండేళ్లకు రిపోర్టు మీద సంతకం పెట్టే స్థాయికి వచ్చింది. ఫ్లాస్కు మెడ మీద గీత దగ్గరికి నీళ్లు రాగానే మోకాళ్లు వంచి, కన్ను గీతకు సమంగా పెట్టి, ఒక్కో చుక్కా వదులుతుంది. బల్ల ముందు అంత భక్తిగా వంగేది ఆవిడ ఒక్కతే.

ఒకసారి ఆవిడ ఫ్లాస్కు మెడకి మార్కరుతో ఇంకో గీత గీశాను. ఒక్క చూపుకే పట్టేసింది. తిట్టలేదు. స్పిరిట్ దూది నా చేతిలో పెట్టి, ఉన్న ముప్ఫై ఫ్లాస్కులూ తుడిపించింది.

ఆవిడ భర్త పోయి నెలయింది. అయిదో రోజుకే పనికి వచ్చేసింది. ఏడవలేదు. టీ ఇస్తే తాగుతుంది, ఇవ్వకపోతే అడగదు. నా జోకులకి నవ్వదు, విసుక్కోదు కూడా. గోడకి చెబుతున్నట్టే ఉంటుంది.

మొన్న ఒక కాలనీ బోరు నీళ్లు ఫ్లోరైడ్ పరీక్షకి వచ్చాయి. రెండొందల ఇళ్లకి అదొక్కటే బోరు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే మూసేయాలి. ఆవిడ లెక్కలో 1.6 వచ్చింది. సంతకం పెట్టింది. రిపోర్టు వెళ్లింది. మర్నాడు మధ్యాహ్నమే మోటారు పీకేస్తామని ఆ సాయంత్రమే బోరు చూసేవాళ్ల నుంచి కబురొచ్చింది.

మర్నాడు పొద్దున సింకు దగ్గర చూస్తే, ముందురోజు వాడిన సామానులో వంద మిల్లీ కొలత సిలిండర్లు రెండున్నాయి. పెద్ద ఫ్లాస్కులు మాత్రం బీరువాలో, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఏంటక్కా, ఫ్లాస్కులు సెలవు పెట్టాయా?" అన్నాను.

"సిలిండరుతో చేశాను," అంది. నిన్న వాన పడింది అన్నంత మామూలుగా.

పరీక్షలో నీటిని పోల్చి చూసుకోవడానికి బలం తెలిసిన ద్రావణాలు కావాలి. లీటరుకు వెయ్యి మిల్లీగ్రాముల బలమున్న సీసాలోంచి పది మిల్లీ తీసి, నీళ్లతో వందకి నింపితే బలం వంద అవుతుంది. అందులోంచి మళ్లీ పది తీసి వందకి నింపితే పది. ఫ్లాస్కు మెడ సన్నం, గీత దగ్గర చుక్క తేడా వచ్చినా కనబడుతుంది. సిలిండరు వెడల్పు, నీటిమట్టం గీతకు కొద్దిగా అటూ ఇటూ అయినా అర మిల్లీ తేడా. పైగా వంపితే కాస్త లోపలే అంటుకుని ఉంటుంది.

అక్క అదే సిలిండరులో పది గీత దాకా నీళ్లు పోసి, తూకం మీద గిన్నెలోకి వంపింది. తొమ్మిదిన్నర గ్రాములు. వంద గీతకి నింపి తూచితే నూటొకటి.

"ఒకసారికి ఆరు శాతం తక్కువ," అంది. "రెండోసారి ఆ తక్కువ మీద ఇంకో ఆరు."

అంటే పది అని రాసుకున్న ద్రావణం బలం తొమ్మిది కూడా లేదు. కొలబద్దే పొట్టిదైతే మనిషి పొడుగ్గా కనబడతాడు, నీళ్లలో ఫ్లోరైడ్ కూడా అంతే. గ్రాఫు మాత్రం దారం లాగినట్టు తిన్నగా వచ్చింది, ఎందుకంటే మిగతావన్నీ ఆ తప్పు ద్రావణంలోంచే చేసినవి. సరిచూసుకునే ద్రావణం కూడా అందులోదే. అన్నీ ఒకే అబద్ధం చెప్పాయి.

బీరువా తెరిచింది. సరిగ్గా పది మిల్లీ పీల్చే పిపెట్టు గొట్టం, వంద మిల్లీ ఫ్లాస్కులు తీసింది. మోకాళ్లు వంగాయి. ఫ్లాస్కుకి మూత పెట్టి, తలకిందులు చేసి కలపడం ఒక్కోటీ ఇరవైసార్లు. మొహంలో ఏమీ లేదు. మిగిలిన శాంపిలు మళ్లీ చదివితే 1.41, ఇంకోసారి 1.42.

అప్పటికి పదకొండున్నర. ఆవిడే ఫోను చేసి, నిన్నటి రిపోర్టు తప్పు, మోటారు ముట్టుకోకండి అని చెప్పింది. అవతలివాళ్లు ఏమన్నారో గాని, రెండుసార్లు "అవును, నా తప్పే" అంది.

మా ఆఫీసరు పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాదు, కాగితం మనిషి. మూడు నెలలు సంతకం అధికారం ఆపక తప్పదన్నారు. సరేనంది. కారణం గడిలో "సిలిండరుతో కొలిచాను" అని రాసింది.

ఆయన అది చదివి, గొంతు తగ్గించి అన్నారు. "మీ ఇంట్లో జరిగింది కూడా రాయండమ్మా. పైవాళ్లు అర్థం చేసుకుంటారు."

"మా ఆయన సిలిండరు ముట్టుకోలేదు సార్," అంది అక్క.

కాగితం అక్కడే పెట్టి, కడగాల్సిన ఫ్లాస్కులున్నాయని వచ్చేసింది.