కెమెరా అడుగున స్టిక్కరు

మా బాబాయి ముప్పై ఏళ్లుగా పాత కెమెరాలు బాగుచేస్తున్నాడు. ఈ పదిహేనేళ్లుగా బాగుచేసిన ప్రతి కెమెరా అడుగునా తన వెబ్‌సైటు పేరున్న స్టిక్కరు అంటిస్తున్నాడు. ఎక్కడెక్కడి నుంచో పని వచ్చేది ఆ పేరు వల్లే.

ఒకరోజు ఫోన్ చేశాడు. "ఒరేయ్, రెండు నెలలుగా ఒక్క మెయిలూ లేదు. జనం కెమెరాలు పగలగొట్టుకోవడం మానేశారా ఏంటి?"

చూస్తే డొమైన్, అంటే ఏటా డబ్బు కట్టి నిలుపుకోవాల్సిన ఆ వెబ్‌సైటు పేరు, గడువు తీరి అరవై రెండు రోజులైంది. సైటూ, ఆ పేరు మీదున్న మెయిలూ రెండూ ఆగిపోయాయి.

"గడువుకి ముందే కట్టమని మెయిళ్లు రాలేదా బాబాయ్?"

"వచ్చాయి, చెరిపేశా. డబ్బు కట్టమనే మెయిల్ ఏదొచ్చినా దొంగదే అన్నావు కదరా?"

అన్నాను.

బాబాయి డొమైన్ కొన్న కంపెనీలో మొదటి నెల మామూలు రుసుముకే రెన్యూ చేస్తారు. రెండో నెల పెద్ద జరిమానా కడితే తిరిగిస్తారు. ఆ రెండూ దాటిపోయాయి. ఇక ఉన్నది పేరు పూర్తిగా తొలగించే ముందు ఆపి ఉంచే ఐదు రోజులే, అందులోనూ రెండు అయిపోయాయి. ఆ ఐదు రోజుల్లో ఆ కంపెనీ చేతుల్లో కూడా ఏమీ ఉండదు. పేరు విడుదలైన క్షణంలోనే మా కోసం పట్టమని, అలా వదిలేసిన పేర్లు కొనిపెట్టే ఒక సంస్థకు చెప్పి పెట్టాను. ఇంకెవరి ప్రోగ్రామో ముందే పట్టేసింది. వారం తిరక్కుండా ఆ పేరు మీద పేకాట సైటు వెలిసింది.

వెళ్లి విషయం చెబితే బాబాయి బల్ల మీది కెమెరా తిప్పి, స్టిక్కరు గోటితో గీకడం మొదలుపెట్టాడు.

"ఈ స్టిక్కరున్నవి బయట ఎన్ని ఉన్నాయి బాబాయ్?"

"వేలల్లో ఉంటాయిరా. అందర్నీ నేనే పేకాటకి పంపిస్తున్నా."