సరంగు తూచి ఇచ్చిన మాట

మా రేవులో పడవ నడిపే సరంగు ఒక్క మాట అంటే ఏటిలో చేపలు సైతం నోరు మూసుకునేవి. నమ్మకపోతే చేపల్నే అడగండి. నేను చదువు మానేసింది కూడా ఆ పడవ ఎక్కడానికే. మా మాస్టారు సంతోషంతో మూడు ఊళ్ళకు దండోరా వేయించారు.

సరంగు పద్ధతి ఇది. పడవ అవతలి ఒడ్డు చేరాక, దిగే ప్రతి మనిషి చెవిలో ఒకే ఒక్క మాట చెప్పేవాడు. ఆ మనిషికి ఆ పూట సరిగ్గా అతికే మాట. నాకు చెప్పింది "కోతలు".

"అబద్ధాలకోరునంటావా బాబాయ్?" అని ఎగిరాను.

"అబద్ధమాడేవాడికి దొరికిపోతానేమోనని భయం. నువ్వు దొరికినా నవ్వుతావు. అందుకే అబద్ధం కాదురా, కోతలు."

అదీ అతని తూకం. ముందు మనిషిని చూసేవాడు: ఎక్కడ కూర్చున్నాడు, మూట ఒళ్ళో పెట్టుకున్నాడా, కింద పెట్టాడా. మనసులో నాలుగైదు మాటలు వరసగా నిలబెట్టేవాడు. ఒక్కొక్కటి ఎందుకు సరిపోదో చూసి పక్కకు నెట్టేవాడు. నెట్టడానికి కారణం దొరకని మాటే మిగిలేది. ఒక్కోసారి రెండు మాటలు మిగిలి మొండికేస్తే, అవతలి ఒడ్డున తాడు అందుకునే బావమరిదిని అడిగేవాడు. మాటల మీద వాళ్ళిద్దరి గొడవ అన్నం చల్లారిపోయేదాకా సాగేది. ఇంట్లో సరంగు భార్య, అంటే ఆ బావమరిది అక్కగారు, "మీ ఇద్దరికీ మాటలే వడ్డిస్తాను, తినండి" అనేది. ప్రపంచంలో తన తూకం తెలిసినవాడు బావమరిది ఒక్కడేనని సరంగు మురిసిపోయేవాడు.

ఒకరోజు పొద్దున్నే కుట్టుపని చేసుకునే ఆవిడ పడవెక్కింది. అవతలి బజారులో ఆమె కొట్టుగది ఉంది. దాన్ని బట్టల వ్యాపారికి అమ్మాలని వెళుతోంది. అనుకున్న ధరకు ఒక్క మెట్టు కూడా దిగనని దారంతా తనకు తనే చెప్పుకుంటోంది. ఆ గది పోతే ఆమెకు మిగిలే ఆధారం ఆ ధరే.

సరంగు గెడకర్రతో పడవ నెడుతూ చూశాడు. ఒడ్డు చేరగానే తాడు విసిరి, అందుకున్న బావమరిది చెవిలో గొణిగాడు.

"భయమా, జంకా, బెరుకా?"

"భయమే బావా. చేతులు చూడు."

"కాదురా. భయానికి ఎదురుగా ఒక వస్తువుండాలి, పామో అప్పో. జంకు పని మొదలుపెట్టేముందు వెనక్కి లాగుతుంది, ఈవిడ లాగట్లేదు. నాతో గలగలా మాట్లాడింది, కొత్తవాళ్ళు ఎక్కగానే నోరు మూసింది. బెరుకు. కాస్త పరిచయమైతే పోతుంది."

ఆమె దిగుతుంటే "బెరుకు" అన్నాడు. ఆమె నవ్వింది. "అయితే ముందు వాళ్ళతో కాసేపు కబుర్లాడతాను. తర్వాత బేరం."

మాట అంత చక్కగా పనిచేస్తుంది మరి, సరిగ్గా తూస్తే.

మధ్యాహ్నం ఆమె తిరిగొచ్చింది. పడవలో అందరికన్నా దూరంగా కూర్చుంది. నది నడుమకు వచ్చాక అడిగింది.

"నా మాట ఎవరికి అమ్మావు అన్నయ్యా?"

"అదేం మాటమ్మా?"

"ఆ బట్టల షాపాయన గదిలో నేనెరగని మగాళ్ళని అరడజనుమందిని కూర్చోబెట్టాడు. ఒకరి తర్వాత ఒకరు కాగితం చూపించి అరుస్తుంటే నోరు పెగల్లేదు. వాళ్ళ ధరకే సంతకం పెట్టేశాను. వస్తుంటే షాపాయన అన్నాడు, 'బెరుకు మనిషివని పొద్దున్నే తెలిసిందమ్మా' అని."

గెడ నీళ్ళలోనే ఉండిపోయింది. పడవ వాలుకు జారింది. ఆ మాట తెలిసినవాళ్ళు ముగ్గురే. ఒకరు ఆమె, ఒకరు తను.

సాయంత్రం బావమరిది చేతులూపుకుంటూ పడవెక్కాడు. దాచలేదు కూడా.

"బట్టల షాపువాళ్ళు టీకి పిలిచారు బావా. కుర్చీ వేశారు. ఆవిడ గురించి అడిగితే చెప్పాను. రూపాయి పుచ్చుకోలేదు, నీమీద ఒట్టు. దానికింత మొహం పెట్టాలా?"

సరంగు పెదాలు కదులుతున్నాయి. ఎదురుగా కూర్చున్న నాకు తెలుస్తూనే ఉంది, తూస్తున్నాడని.

"ద్రోహం అంటావా?" వాడే ఎగతాళిగా అందించాడు.

"దానికి పగైనా ఉండాలి, ఆశైనా ఉండాలి."

"మరి మోసమా?"

"నువ్వు ముందే పథకం వేసుకోలేదు."

పడవ ఒడ్డు తాకింది. వాడు దిగబోతుంటే సరంగు భుజం పట్టుకుని చెవిలో కాదు, అందరికీ వినబడేలా అన్నాడు.

"చవక."

వాడి మొహంలో నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది. అది సరిపోయిన మాటని వాడికంటే ఎవరికి బాగా తెలుసు?

మర్నాటి నుంచి తాడు అందుకోవడానికి వాడు రాలేదు. సంగతి రేవంతా పాకి, ఒడ్డుకు రాగానే జనం తలలు తిప్పుకుని, చెవులకు కొంగులూ తువ్వాళ్ళూ చుట్టుకుని గబగబా దిగిపోయేవారు. కుట్టుపని ఆవిడ చుట్టుదారిన వంతెన మీదుగా నడిచి పోతోందని తెలిసింది. సరంగు మాత్రం ప్రతి మనిషినీ ఎప్పటిలాగే చూస్తాడు, తూస్తాడు. తూచిన మాటను మింగి, పడవ వెనక్కి తిప్పుకుంటాడు.