మార్కులు పైకి వెళ్లవన్న మాట

బడిలో ఉద్యోగం మానేసి చాలా కాలమైనా ఆమెను అందరూ టీచరమ్మ అనే పిలిచేవారు. కంపెనీల్లో ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే ఓ చిన్న సంస్థలో ఆమెది పాఠాలు తయారుచేసే పని. సంస్థ యజమాని ఒకప్పుడు అదే బడిలో లెక్కలు చెప్పేవాడు. రక్తసంబంధం లేకపోయినా ఆమె అతన్ని అన్నయ్య అనేది, అతను చెల్లెమ్మా అనేవాడు. ఆమె భర్త పోయినప్పుడు ఇంటికొచ్చి, "నాతో కలిసి పనిచెయ్యి" అన్నదీ అతనే.

ఆ ఏడాది సంస్థకు పని తగ్గిపోయింది. పెద్ద కంపెనీల శిక్షణ విభాగాధిపతులకు ఓ మెయిల్ రాయమని అన్నయ్య అడిగాడు. టీచరమ్మ వారం రోజులు దాని మీదే కూర్చుంది. గొప్పలు రాయలేదు. ఫిర్యాదుల ఫోన్లు ఎత్తేవారికి నాలుగు పూటల శిక్షణ, బ్యాచికి ఇరవై మంది. ముందొక పరీక్ష, తర్వాతొక పరీక్ష. అసలు కొలత మాత్రం వేరు: అదే కస్టమరు అదే గొడవ మీద వారంలోపు మళ్లీ ఫోన్ చేయడం ఎంత తగ్గింది? శిక్షణకు ముందూ, ఆరు వారాల తర్వాతా లెక్క తీసి, శిక్షణ అందని మరో బ్యాచితో పోల్చి చూపిస్తామని రాసింది. చివర్న ఒక వాక్యం చేర్చింది: ఫలితాలు బ్యాచి మొత్తానికే ఇస్తాం, ఎవరి మార్కులు వారికే.

"బ్రహ్మాండంగా ఉంది చెల్లెమ్మా. కాస్త మెరుగులు దిద్ది నేను పంపిస్తాలే" అన్నాడు అన్నయ్య.

మొదట ఒప్పుకున్నది ఒక ఇన్సూరెన్సు కంపెనీ. మొదటి పూట పరీక్ష కాగితాలు పంచుతుంటే వెనక వరుసలో ఒకావిడ కలం ముట్టలేదు. అందరికంటే పెద్దది కావడంతో అక్కడి వాళ్లంతా ఆవిణ్ణి పిన్నీ అంటారు.

"ఈ మార్కులు పైవాళ్లకి వెళ్తాయా అమ్మా?"

"వెళ్లవు పిన్నిగారూ. నాది మాట. మీకేం వచ్చో, ఏం రాదో మనకి తెలియడానికే ఇది."

ఆ మాట నమ్మి పిన్ని తెలిసింది రాసింది, తెలియనిది తెలియదని రాసింది. నాలుగో పూటకి, కోపంగా అరుస్తున్న కస్టమరు మాట మధ్యలో తుంచకుండా అసలు సమస్యను రాబట్టడం ఆ గదిలో ఆమెకే అందరికంటే బాగా పట్టుబడింది.

ఆరు వారాల తర్వాత లెక్కలు బాగొచ్చాయి. ఆ కాగితాలు పట్టుకుని టీచరమ్మ సంబరంగా ఫోన్ల హాల్లోకి వెళ్లింది. పిన్ని కుర్చీ ఖాళీ. ఇంకో నాలుగు కూడా.

శిక్షణ విభాగాధిపతిని అడిగితే ఆవిడ ఆశ్చర్యపోయింది. "మనుషుల్ని తగ్గించమని పైనుంచి ఒత్తిడి వచ్చిందండి. మొదటి పరీక్ష మార్కులు మీ సంస్థే పంపింది. అట్టడుగునున్న అయిదుగురిని తీసేశారు."

"మార్కులు ఇవ్వబోమని మెయిల్లోనే రాశాం కదండీ."

ఆవిడ మెయిల్ తెరిచి తెర ఇటు తిప్పింది. నాలుగు పూటలూ ఉన్నాయి, కొలతలూ ఉన్నాయి. చివరి వాక్యం లేదు. దాని స్థానంలో, వెనకబడినవారిని గుర్తించడంలో సహకరిస్తాం అని ఉంది.

టీచరమ్మ నేరుగా ఆఫీసుకి తిరిగొచ్చి అన్నయ్యని నిలదీసింది.

"వాళ్లు అడిగారు, ఇచ్చాను. లేకపోతే ఈ పని మనకి వచ్చేదా? నీ జీతం మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుందనుకున్నావ్?"

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"చెప్తే నువ్వు ఆ గదిలో అలా మాట్లాడగలిగేదానివా? నువ్వు నమ్మబట్టే వాళ్లూ నమ్మారు."

తిట్టినా ఆమెకు అంత బాధ ఉండేది కాదు. తడిగుడ్డతో వాళ్ల గొంతు కోయడానికి తన గొంతునే వాడుకున్నాడని ఆమెకు అర్థమైంది. సంచీ తీసుకుని మెట్లు దిగిపోయింది.

పిన్ని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. పిన్ని గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది.

"నీకు తెలియదంటే నమ్ముతాను" అంది చివరికి. "కానీ రాయమన్నది నువ్వే కదమ్మా. నేను నీ మొహం చూసి రాశాను."

లోపలికి రమ్మనలేదు.

ఆ మెయిల్ వెళ్లిన శిక్షణ విభాగాధిపతులందరికీ టీచరమ్మ తన పేరుతో ఇంకొకటి రాసింది. మొదటి పరీక్ష మార్కులు మనిషి సామర్థ్యానికి కొలత కావనీ, భయంతో రాసిన పరీక్ష దేనికీ పనికిరాదనీ, ఆ సంస్థలో తానిక లేననీ చెప్పింది. ఎక్కువమంది జవాబివ్వలేదు. ఒకరు, ఒక్కొక్కరి మార్కులు విడిగా ఇస్తారా అని మళ్లీ అడిగారు. ఒక్క ఆసుపత్రి మాత్రం మాట్లాడదాం రమ్మంది.

ఇప్పుడామె ఒంటరిగానే శిక్షణ ఇస్తోంది. మార్కులు అడగబోమని కంపెనీవాళ్లు సంతకం పెట్టాకే గదిలో అడుగుపెడుతుంది. పరీక్ష కాగితాల మీద పేర్లు రాయనివ్వదు. ఎవరైనా నమ్మొచ్చా అని అడిగితే మాత్రం, నాది మాట అనడానికి ఆమెకు నోరు రావడం లేదు. సంతకం పెట్టిన కాగితం తీసి వాళ్ల చేతికిచ్చి, చదువుకోమంటుంది.